ముందే పరుగెత్తిన ఎముకలు

పిల్లల ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివర, హార్మోన్ల విభాగం వాళ్ల చిన్న గది ఒకటుంది. అందులో ఒక బల్ల, ఒక తూకం యంత్రం, గోడకు బిగించిన ఎత్తు కొలబద్ద, దాని పక్కన రెండు మెట్ల చెక్కపీట. ఆ పీట పిల్లల కోసం వేసింది కాదు, నర్సు కోసం వేసింది. ఆమె ఎత్తు నూట నలభై రెండు సెంటీమీటర్లు. కాస్త ఎదిగిన పిల్లలు వచ్చి నిలబడితే, పీట ఎక్కితే గాని కొలబద్ద మీది అంకె ఆమె కళ్లకు ఎదురుగా రాదు.

ఆసుపత్రిలో అందరూ ఆమెను కొలతల సిస్టర్ అంటారు. ఇంజెక్షన్లు ఇవ్వడం, రక్తం తీయడం, ఫైళ్లు సర్దడం అన్నీ ఆమె పనే అయినా, పేరు మాత్రం కొలతల మీదే నిలిచిపోయింది. ఎందుకంటే ఆమె కొలత ఆషామాషీగా ఉండదు. చెప్పులు విప్పించాలి. జడ నెత్తి మీద ముడి వేసి ఉంటే అది కూడా విప్పించాలి, అమ్మలు ఎంత గొణిగినా సరే. మడమలు, పిరుదులు, వీపు, తల వెనక భాగం బద్దకు ఆనాలి. కంటి కొస, చెవి రంధ్రం ఒకే గీతలో ఉండాలి. అప్పుడు రెండు చేతులతో దవడ కింద మెల్లగా ఆనించి, "ఊపిరి పీల్చు బంగారం, అలాగే ఉండు" అని, పలకను తల మీదికి దించుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ పిల్లను బద్ద దగ్గర్నుంచి పక్కకు తెచ్చి మళ్లీ నిలబెడుతుంది. మూడింటి సగటు రాస్తుంది.

"మిల్లీమీటర్ల కోసం ఇంత తంటాలా?" అని ఒకసారి కొత్తగా చేరిన నర్సు నవ్వింది.

"ఈ పిల్లలు మూడు నెలలకు పెరిగేదే సెంటీమీటరు. అందులో అరసెంటీమీటరు నువ్వు తప్పు రాశావనుకో, డాక్టరమ్మ మందు మార్చేస్తుంది" అంది కొలతల సిస్టర్. కొత్త నర్సు ఆ తర్వాత నవ్వలేదు.

ఆమె మాట తక్కువ మనిషి. తన ఎత్తు గురించి ఎవరైనా హాస్యమాడితే ముఖం ముడుచుకోదు, పళ్లికిలించదు. "పైన అరలో ఉన్న పెట్టె దించిపెట్టు, ఆ తర్వాత నవ్వుదువు గాని" అంటుంది. అలా నవ్వినవాళ్ల చేత పని చేయించుకోవడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది.

నిజానికి చిన్నప్పుడు ఆమె పొట్టి కాదు. ఏడేళ్ల వయసులో తరగతి మొత్తానికీ తనే పొడుగు. రెండో తరగతి ఫొటోలో వెనక వరసలో, టీచరు భుజం దాకా వచ్చి నిలబడి ఉంటుంది. పిల్లలు తాటిచెట్టు అని పిలిచేవాళ్లు. తండ్రికి మాత్రం ఆ పేరు వింటే ఛాతీ పొంగిపోయేది. "మా ఇంటికి ఇక నిచ్చెన కొననక్కర్లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. తల్లికి ఆ సంబరం లేదు. ఆరో ఏటనే బిడ్డ ఛాతీ దగ్గర గట్టిపడడం ఆమె చూసింది. ఎనిమిదిన్నరేళ్లకు, లెక్కల పీరియడ్‌లో, బెంచీ మీద రక్తపు మరక చూసి పిల్ల హడలిపోయింది. ఇంటికి తీసుకొచ్చాక తల్లి స్నానం చేయించి, గుడ్డ ఎలా పెట్టుకోవాలో నేర్పి, "ఎవరికీ చెప్పకు" అంది. ఆ మాటలో దాచుకోవాల్సింది ఏమిటో పిల్లకు అర్థం కాలేదు గాని, దాచుకోవాలని మాత్రం అర్థమైంది.

పదేళ్లకు ఎదుగుదల ఆగింది. గడియారంలో ముల్లు ఆగినట్టే ఆగింది. పదకొండేళ్లప్పుడు పక్క బెంచీ పిల్ల సమానమైంది. పన్నెండుకు క్లాసులో సగం మంది దాటిపోయారు. పద్నాలుగో ఏట ఫొటోకి ముందు వరసలో కూర్చోబెట్టారు. తాటిచెట్టు అన్న నోళ్లే ఆవగింజ అన్నాయి. తండ్రి కొన్నాళ్లు బలం మందులు పట్టించాడు, తలుపు కమ్మికి వేలాడమన్నాడు. చేతులు బొబ్బలెక్కాయి తప్ప మరేం కాలేదు.

ఇలా ఎందుకైందో ఆమెకు నర్సింగు చదివే రోజుల్లో తెలిసింది. రెండో ఏడాదిలో ఒక మధ్యాహ్నం పాఠం చెప్పే మేడమ్ దీపాల పెట్టె మీద రెండు చేతుల ఎక్స్‌రేలు పెట్టింది. ఒకటి ఎనిమిదేళ్ల మామూలు పిల్లది. వేళ్ల ఎముకల చివర సన్నటి నల్లని సందులు కనిపిస్తున్నాయి. రెండోది కూడా ఎనిమిదేళ్ల పిల్లదే. ఆ సందులు దాదాపు మూసుకుపోవస్తున్నాయి.

"ఈ సందుల్లోనే మెత్తని ఎముక పెరుగుతుంది. యవ్వనం హార్మోను రాగానే మొదట పెరుగుదల ఊపందుకుంటుంది. తర్వాత అదే హార్మోను సందులను మూసేస్తుంది. వయసు రాకుండానే యవ్వనం వస్తే, పిల్ల ముందు అందరికన్నా పొడుగ్గా ఉంటుంది, చివరికి అందరికన్నా పొట్టిగా మిగులుతుంది" అంది మేడమ్.

ముప్పై మంది రాసుకుంటున్నారు. ఆమె ఒక్కతే పెన్ను కింద పెట్టి తన ఎడమ చెయ్యి చూసుకుంది. ఏడుపు రాలేదు. ఎవరో చెప్పకుండా దాచిన సంగతి పక్కింటివాళ్ల నోట విన్నట్టు అనిపించింది, అంతే. ఆ హార్మోను తలుపు మూసి ఉంచే ఇంజెక్షన్లు తన చిన్నతనంలో ఊళ్లలోకి ఇంకా రాలేదు. ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు పిల్లల హార్మోన్ల విభాగం తెరుస్తున్నారని తెలిసి, ఎవరూ అడగకముందే పేరిచ్చింది.

ఆమెకు నలభై మూడేళ్లప్పుడు ఆ గదిలోకి ఒక తల్లి, ఒక అమ్మమ్మ, మధ్యలో ఒక పిల్ల వచ్చారు.

పిల్ల వయసు ఆరేళ్ల ఎనిమిది నెలలు. మూడుసార్లు కొలిస్తే సగటు నూట ఇరవై ఆరు వచ్చింది. బడిలో పిల్లను నిచ్చెన అంటారట. తల్లి దర్జీ, బడి యూనిఫారాలు కుడుతుంది. భర్త బస్సు నడుపుతాడు.

"ఒకే ఏడాదిలో దీని గౌను అంచు రెండుసార్లు విప్పాను సిస్టర్. అది సరే, పెరిగే పిల్ల అనుకున్నా. ఛాతీ దగ్గర కూడా కుట్టు విప్పాల్సి వచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది" అంది తల్లి.

"ఏళ్లొచ్చే పిల్ల ఎదగక ముడుచుకుపోతుందా?" అని అమ్మమ్మ అడ్డుపడింది. "మంచి తిండి పెడుతున్నాం, ఎదుగుతోంది. సంతోషించక ఆసుపత్రుల చుట్టూ తిప్పుతోంది ఈ మహాతల్లి."

పిల్ల చేతులు రెండూ ఛాతీకి అడ్డంగా కట్టుకుని నిలబడింది. కొలతల సిస్టర్ ఆ నిలబడ్డ తీరు చూసింది, ఫైల్లో రాసే గడి లేదు కాబట్టి ఏమీ రాయలేదు.

ఆ తర్వాత నెల రోజులు పరీక్షలతో గడిచాయి. ఎడమ చేతి ఎక్స్‌రే తీశారు. ఎముకల వయసు పదేళ్లుగా తేలింది. ఒక మందు ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీసి చూశారు. మెదడు కింది గ్రంథి నిద్ర లేచి, పెద్దవాళ్లలో లాగే పని మొదలుపెట్టిందని ఆ అంకెలు చెప్పాయి. లోపల గడ్డ ఏదైనా ఉండి ఇలా జరుగుతోందేమో అని మెదడు స్కానింగు చేశారు. ఏమీ లేదు. చాలామంది ఆడపిల్లల్లో కారణం కనిపించదని డాక్టరమ్మ చెప్పింది.

"ఇలా వదిలేస్తే ఏడెనిమిదేళ్లకే నెలసరి వస్తుంది. ఎత్తు దాదాపు నూట నలభై ఎనిమిది దగ్గర ఆగొచ్చు. మీ ఇద్దరి ఎత్తులు చూస్తే పాప నూట యాభై అయిదుకు అటూ ఇటూ రావాలి" అంది డాక్టరమ్మ. "ఇంజెక్షన్ ఇస్తే ఈ తొందర ఆగుతుంది. మూడు నెలలకొకటి. పదకొండేళ్ల దాకా."

"ఇస్తే నూట యాభై అయిదు వస్తుందా?"

"ఖాయంగా చెప్పలేను. ఆరేళ్లలోపే మొదలైతే లాభం ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది మధ్య కొంత ఉంటుంది. ఎనిమిది దాటాక మొదలైతే ఎత్తు కోసం ఇవ్వడంలో పెద్ద ప్రయోజనం ఉండదు. మీ పాప మధ్యలో ఉంది."

తల్లి చాలాసేపు కూతురి చెప్పుల వైపు చూసి, సరేనంది.

మొదటి ఇంజెక్షన్ కొలతల సిస్టరే తొడలో ఇచ్చింది. ఇచ్చేముందు తల్లిని కూర్చోబెట్టి చెప్పింది. "మెదడు ఆ గ్రంథికి ఆగి ఆగి కబురు పంపుతుంది. తలుపు తట్టినట్టు. ఈ మందు కూడా ఆ కబురు లాంటిదే. కాకపోతే ఆగకుండా తడుతూనే ఉంటుంది. మీ ఇంటి తలుపు ఎవరైనా పగలూ రాత్రీ బాదుతూ ఉంటే ఏం చేస్తారు?"

"కొన్నాళ్లకి పట్టించుకోవడం మానేస్తాం."

"గ్రంథి కూడా అంతే. మానేస్తుంది. మొదట్లో మాత్రం ఒకసారి ఉలిక్కిపడుతుంది. ఈ రెండు మూడు వారాల్లో కొంచెం రక్తం కనపడినా కంగారు పడకండి, ఫోన్ చెయ్యండి."

పదకొండో రోజున తల్లి ఫోన్ చేసింది. రెండు రోజులు మరకలు కనిపించి ఆగిపోయాయి. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. మూడో ఇంజెక్షన్ నాటికి పిల్ల ఛాతీ దగ్గరి గట్టితనం మెత్తబడింది. గదిలోకి వచ్చేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోవడం మానేసింది. కొలబద్ద కింద నిలబడి, "ఈసారి ఎంత, ఈసారి ఎంత" అని గంతులు వేస్తుంటే నిలబెట్టడమే కష్టమైపోయేది.

కాని ఆ "ఈసారి ఎంత" అన్నదే తల్లి గుండెలో ముల్లై కూర్చుంది. అంతకుముందు ఏడాదికి తొమ్మిది సెంటీమీటర్లు పెరిగిన పిల్ల, మందు మొదలయ్యాక తొమ్మిది నెలల్లో మూడున్నర పెరిగింది. అలాగే పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినప్పుడు తల్లి తల ఊపింది కూడా. అయినా విన్నది వేరు, కళ్లతో చూస్తున్నది వేరు. కుట్టుమిషను పక్క ద్వారబంధం మీద ఆమె పెన్సిలుతో గీతలు గీస్తోంది. పాత గీతల మధ్య బెత్తెడు ఎడం ఉంటే, కొత్త గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

నాలుగో ఇంజెక్షన్ అయిపోయింది. అయిదో ఇంజెక్షన్‌కి ఎవరూ రాలేదు.

ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదని వచ్చింది. గుమాస్తా రెండుసార్లు ప్రయత్నించి, ఫైలు "రానివారు" అని రాసి ఉన్న అరలో పెట్టేశాడు. కొలతల సిస్టర్ ఆ అరను నెలకోసారి చూసేది. ఆ రెండు నెలలూ శిక్షణకని వేరే ఊరు వెళ్లింది. తిరిగొచ్చి చూసేసరికి పది వారాలు దాటిపోయాయి. ఫైల్లో అడ్రసు ఉంది. దర్జీ దుకాణం అని కూడా రాసి ఉంది.

అంతకుముందు ఆమె ఏ రోగి ఇంటికీ వెళ్లలేదు. వెళ్లకూడదన్న నియమం గోడ మీద ఎక్కడా రాసి లేదు గాని, అందరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం రెండు తెల్ల కోట్ల గుడ్డ సంచిలో వేసుకుని బయలుదేరింది. కోట్లు నిజంగానే కుట్టించుకోవాలి. ఆసుపత్రి వాళ్లిచ్చే కోట్లు ఆమెకు ఎప్పుడూ మోకాళ్లు దాటి పిక్కల దాకా వస్తాయి. సాకు అనుకుంటే సాకు, పని అనుకుంటే పని.

దుకాణం ఒక మేడ కింద, మెట్ల పక్కన ఉన్న ఒంటి గది. గోడ నిండా ఒకే రంగు యూనిఫారాలు వేలాడుతున్నాయి. దర్జీ ఆమెను చూసి మిషను ఆపింది. ముఖం ఎర్రబడింది.

"రండి సిస్టర్. ఇంజెక్షన్ గురించే వచ్చారు కదా."

"కోట్ల గురించి వచ్చాను. కొలతలు తీసుకో. మాట్లాడుకుందాం."

దర్జీ మెడలో టేపు తీసి భుజం కొలిచింది, చేతి పొడవు కొలిచింది. వంగి నడుం నుంచి మోకాలి దాకా కొలిచి ఆగిపోయింది. "మీకు ఎనిమిదో తరగతి కొలత సరిపోతుంది" అని నోరు జారి, నాలిక్కరుచుకుంది.

"సరిపోతుంది. నాకు తెలుసు. పాప ఎలా ఉంది?"

"బాగుంది. చాలా బాగుంది." దర్జీ గొంతులో మొండితనం, సంతోషం రెండూ ఉన్నాయి. చెయ్యి పట్టుకుని ద్వారబంధం దగ్గరికి లాక్కెళ్లింది. "చూడండి. ఇది ఆఖరి ఇంజెక్షన్ రోజున గీసింది. ఇది నిన్న గీసింది. మధ్యలో వేలెడు పైన ఉంది. ఇన్నాళ్లూ గొంగళి పురుగులా పాకిన పిల్ల, మందు మానగానే పుంజుకుంది. ఆ ఇంజెక్షనే దాని ఎదుగుదల తొక్కేస్తోందని మా అమ్మ మొత్తుకుంటే నేనే వినలేదు. పక్కింటి పిల్ల దీని భుజం దాకా ఉండేది, ఇప్పుడు చెవి దాకా వచ్చింది. తల్లిని, చూస్తూ ఊరుకోమంటారా?"

కొలతల సిస్టర్ గీతలను చూసింది. అవి తప్పు కాదు. గీసిన చెయ్యి గుడ్డ మీద సుద్దగీత గీసే చెయ్యి. పిల్ల నిజంగానే పెరిగింది.

"ఛాతీ దగ్గర మళ్లీ నొప్పి అంటోందా?"

దర్జీ గీతల మీంచి చూపు తిప్పుకుంది.

"అంటోంది కదా."

"రెండు వారాల నుంచి."

కొలతల సిస్టర్ మిషను ముందున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ తర్వాత చెప్పిన మాటలు ఆమె అంతకుముందు ఏ తల్లికీ చెప్పలేదు. రెండో తరగతి ఫొటో గురించి, తాటిచెట్టు గురించి, లెక్కల పీరియడ్ గురించి చెప్పింది. వార్డులో జ్వరాల పట్టీ చదివినట్టు, ఎక్కడా గొంతు మారకుండా చెప్పింది.

"నేను కూడా ఇలాగే పుంజుకున్నాను" అంది చివరికి. "మా నాన్న కూడా నీలాగే సంబరపడ్డాడు. దీపంలో వత్తి పెద్దది చేస్తే మంట పెద్దగా లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. నూనె మాత్రం అంతే ఉంటుంది కదమ్మా. ఇంజెక్షన్ వత్తిని తగ్గిస్తుంది. సన్నగా వెలుగుతుంది, ఎక్కువకాలం వెలుగుతుంది. ఆ పక్కింటి పిల్ల వత్తి ఎప్పుడూ సన్నగానే ఉంది కాబట్టి ఆ పిల్లకు తొందర లేదు."

దర్జీ టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "అయితే మందు వేయిస్తే నూట యాభై అయిదు వస్తుందని రాసివ్వండి."

"రాసివ్వను. ఎవరూ రాసివ్వలేరు. రెండు సెంటీమీటర్లే లాభం ఉండొచ్చు, ఎనిమిది ఉండొచ్చు. ఇంకో మాట. నేను ఇంతే ఉన్నందుకు నా బతుకేం ఆగిపోలేదు. పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు కొడుకుల్ని కన్నాను, ఉద్యోగం చేస్తున్నాను. పొట్టిగా ఉంటే కొంప మునుగుతుందని భయపెట్టడానికి రాలేదు. మీరు మానేస్తే మానెయ్యండి, అది మీ ఇష్టం. కాని పెరుగుతోంది కదా అని మాత్రం మానొద్దు. అది లెక్క తప్పు."

బయట మెట్ల మీద పిల్లల అడుగుల చప్పుడు వినిపించింది. దర్జీ లేచి ఒక చీటీ మీద కోటు కొలతలు రాసుకుంది. దాని కిందే తన కొత్త ఫోన్ నంబరు రాసి, చీటీ చించి ఇచ్చింది.

సోమవారం పొద్దున్నే తల్లీ కూతుళ్లు వచ్చారు. కొత్త ఎక్స్‌రే తీశారు. మందు పనిచేసినన్నాళ్లూ ఎముకల వయసు కుదురుగా, నెమ్మదిగా నడిచింది. ఆ పది వారాల్లో ఎంత పోయిందో ఎక్స్‌రే విడదీసి చెప్పలేదు. కాని రక్తపరీక్షలో గ్రంథి మళ్లీ మేలుకుందని తేలింది. ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టారు.

డాక్టరమ్మకు సంగతి తెలిసి కొలతల సిస్టర్‌ను లోపలికి పిలిచింది.

"ఇంటికి వెళ్లడమేంటి సిస్టర్? రేపు ఇంకొకరు, మీరెందుకు వచ్చారని గొడవ చేస్తే?"

"కోటు కుట్టించుకోవడానికి వెళ్లాను డాక్టర్."

"ఈ మాట నాతోనా?"

"తప్పే. ఇంకోసారి వెళ్లను" అంది కొలతల సిస్టర్. మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు కూడా. దానికి బదులు ఆ వారం నుంచి ప్రతి ఫైలు అట్ట మీద రెండు ఫోన్ నంబర్లు, ఒక దగ్గరి బంధువు నంబరు రాయించడం మొదలుపెట్టింది. ఇంజెక్షన్ తేదీ దాటి ఏడు రోజులైతే గుమాస్తా చేత కాకుండా తనే ఫోన్ చేసేది.

తర్వాతి మూడేళ్లలో చెప్పుకోదగ్గ సంఘటనలేవీ లేవు. మందు సరిగా పనిచేస్తే జరిగేది అదే, అంటే ఏమీ జరగకపోవడం. పిల్ల ఏడాదికి నాలుగూ నాలుగున్నర సెంటీమీటర్లు పెరిగింది. నిచ్చెన అన్న పేరు మెల్లగా మాసిపోయింది. ఎనిమిదేళ్లకు తరగతిలో పొడుగు పిల్లల్లో ఒకతె, తొమ్మిదేళ్లకు మధ్య వరస పిల్ల. ఒక ఏడాది సూదికి భయపడి బల్ల కింద దూరితే, కొలతల సిస్టర్ కూడా మోకాళ్ల మీద బల్ల కిందికి దూరి, అక్కడే ఇంజెక్షన్ ఇచ్చేసింది. "పొడుగు నర్సు అయితే ఇక్కడికి రాలేకపోయేది, చూశావా" అందట.

పదకొండేళ్లు నిండాక మందు ఆపేశారు. అప్పటికి ఎత్తు నూట నలభై నాలుగున్నర, ఎముకల వయసు పన్నెండు. తల్లి ఈసారి భయపడడానికి ఇంకో కారణం వెతుక్కుంది. ఇన్నేళ్లు నిద్రపుచ్చిన గ్రంథి మళ్లీ లేస్తుందా? డాక్టరమ్మ లేస్తుందని చెప్పింది. పద్నాలుగు నెలలకు, పన్నెండేళ్లు దాటాక, పిల్లకు మొదటి నెలసరి వచ్చింది. అప్పుడు బడిలో ఆమె స్నేహితురాళ్లలో ఇద్దరికి అప్పటికే వచ్చింది. ఇద్దరికి రాలేదు. అమ్మమ్మ ఫోన్ చేసి మరీ ఆ కబురు కొలతల సిస్టర్‌కు చెప్పింది. "మీ మందు మంచిదే తల్లీ" అని ఒప్పుకోవడానికి ఆరేళ్లు పట్టింది ఆవిడకు.

పదిహేనేళ్లకు చివరి కొలత. పిల్ల తనంతట తనే చెప్పులు విప్పి, జుట్టు విప్పి, మడమలు ఆనించి నిలబడింది. కొలతల సిస్టర్ పీట ఎక్కి పలక దించింది. మూడుసార్లు కొలిచింది. నూట యాభై మూడు పాయింట్ ఆరు. ఎక్స్‌రేలో సందులన్నీ మూసుకుపోయాయి. ఇక మారే అంకె కాదు.

తల్లి డాక్టరమ్మను అడిగింది. "నూట నలభై ఎనిమిది అన్నారు. నూట యాభై మూడున్నర వచ్చింది. ఇదంతా ఇంజెక్షన్ వల్లే కదా?"

"చాలావరకు అయ్యుండొచ్చు. ఆ నూట నలభై ఎనిమిది కూడా మా అంచనానే కదమ్మా. ఇంజెక్షన్ వేయించుకోని మీ పాపను నేను చూడలేదు, మీరూ చూడలేదు. పక్కపక్కన నిలబెట్టి కొలవడానికి లేదు."

"మధ్యలో మానకపోతే ఇంకాస్త వచ్చేదా?"

"పది వారాలే కదా. పెద్ద తేడా ఉండదు" అంది డాక్టరమ్మ. తల్లి నమ్మిందో లేదో గాని, మళ్లీ అడగలేదు.

ఫైలు మూసేముందు కొలతల సిస్టర్ మామూలుగా ప్రతి పిల్లనూ అడిగే ప్రశ్న ఒకటుంది. అది రూల్సులో లేదు. "ఇన్ని సూదులు పొడిపించుకున్నావు కదా. అంత అవసరమే అనిపించిందా?" అని అడుగుతుంది. చాలామంది పిల్లలు తల్లుల వైపు చూసి, ఊఁ అంటారు.

ఈ పిల్ల మాత్రం ఆలోచించింది. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ చెప్పింది.

"ఎత్తు సంగతి నాకు తెలీదు ఆంటీ. అయిదు సెంటీమీటర్లు తక్కువైతే ఏమయ్యేదో కూడా తెలీదు. కాని నాకు ఆ రెండో క్లాసు గుర్తుంది. మొదటి సూది వేయించుకోక ముందు ఆడుకునే పీరియడ్‌లో గోడకు ఆనుకుని నిలబడేదాన్ని, ఎవరైనా తగిలితే నొప్పి అని. తర్వాత అందరితో పాటు పరిగెత్తాను."

తల్లి ఉలిక్కిపడి కూతురి వైపు చూసింది. గోడకు ఆనుకుని నిలబడిన సంగతి ఆమెకు ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. ద్వారబంధం మీద దానికి గీత లేదు. ఫైల్లోనూ గడి లేదు.

కొలతల సిస్టర్ పెన్ను తీసింది. అట్ట వెనక, ఖాళీగా ఉన్న చోట, ఆ మాటలను పిల్ల చెప్పినట్టే రాసింది, కింద తేదీ వేసింది. తల్లీ కూతుళ్లు వరండాలో నడిచి వెళ్తుంటే కాసేపు చూసింది. కూతురు తల్లి కంటే ఒక వేలెడు పొట్టి. ఇద్దరూ ఏదో విషయం మీద అప్పటికే వాదులాడుకుంటున్నారు.